మబ్బు ఆకుపచ్చగా కనిపిస్తే రాళ్ళ వాన ఖాయమా?

యాసంగి_వడ్లు (జగిత్యాల)
నిన్న సాయంత్రం అయిదున్నరకు పడమటి దిక్కు మబ్బు కమ్ముకొచ్చింది. అడుగు భాగం మామూలు నలుపు గాదు, పాచి రంగుల ముదురు ఆకుపచ్చ. కొనుగోలు సెంటర్ల ఉన్నోళ్ళందరు ఇగ రాళ్ళ వాన ఖాయమన్నరు. ఆరబోసిన వడ్లన్ని కుప్ప జేసి పట్టాలు కప్పినం. గాలిదుమారం వచ్చింది, వాన దంచి కొట్టింది, రాయి మాత్రం ఒక్కటి పడలేదు. పోయిన నెల పక్క మండలంల రాళ్ళు పడ్డ రోజు మబ్బు మామూలు బూడిద రంగే ఉండె. మరి ఈ ఆకుపచ్చను నమ్మాల్నా వద్దా? అన్ని మబ్బులల్ల ఉన్నది నీళ్ళే గదా, ఒకటి తెల్లగ, ఒకటి నల్లగ, ఇంకోటి ఆకుపచ్చగ ఎందుకుంటది?

కోనసీమ_కొబ్బరి
చుట్టూ పచ్చటి పొలాలుంటే ఆ రంగు మబ్బు అడుగున పడి కనిపిస్తుందండీ. మా వైపు వరి ఏపుగా ఉన్నప్పుడు చాలాసార్లు చూశాం. నలుపు సంగతి చెప్పాలంటే, నీళ్ళు నిండిన మబ్బు నల్లగా ఉంటుంది, ఖాళీ మబ్బు తెల్లగా ఉంటుంది.

యాసంగి_వడ్లు (జగిత్యాల)
@కోనసీమ_కొబ్బరి ఇక్కడ కోతలైపోయినయి. చుట్టూ కొయ్యకాలు, ఎండిన గడ్డి. ఆకుపచ్చ పొలమే లేదు.

గాలిపటం_రావు
రెండు ప్రశ్నలున్నాయి కాబట్టి ముందు తెలుపు, నలుపు చూద్దాం. అవి అర్థమైతేనే ఆకుపచ్చ అర్థమవుతుంది.

మబ్బులో నీటి తుంపర ఒక్కొక్కటి సుమారు 20 మైక్రాన్ల అడ్డుకొలత ఉంటుంది. మన కంటికి కనిపించే వెలుగు అల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. అంటే వెలుగు అల కంటే తుంపర ముప్పై నలభై రెట్లు పెద్దది. ఇంత పెద్ద బిందువు నీలమని, ఎరుపని తేడా చూడదు, అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా నలువైపులా చెదరగొడుతుంది. గాలి అణువులు వెలుగు అల కంటే బాగా చిన్నవి. అవి నీలాన్నే ఎక్కువ చెదరగొడతాయి కాబట్టి ఆకాశం నీలం, మబ్బు తెలుపు.

ఇక నలుపు. మబ్బు వెలుగును మింగేయడం వల్ల నల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వెలుగు ఎక్కడికీ పోదు, వచ్చిన దారినే పైకీ, పక్కలకూ తిరిగి వెళ్ళిపోతుంది. కిలోమీటరు మందం ఉన్న మబ్బు కిందికి పదో వంతో, అంతకంటే కాస్త ఎక్కువో దిగుతుంది. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు లేచిన ఉరుముల మబ్బు కిందికి నూటికి ఒక వంతు కూడా దిగకపోవచ్చు. కింద నిలబడ్డవాళ్ళకు అది కారుమబ్బు. అదే క్షణంలో విమానంలోంచి దాని నెత్తిని చూసేవాళ్ళకు కళ్ళు చెదిరే తెలుపు. మబ్బు ఒక్కటే, చూసే చోటు వేరు.

కోనసీమ_కొబ్బరి
మరి నీళ్ళు ఎక్కువైతే నలుపు అన్నది తప్పెలా అవుతుంది? మందం ఎక్కువంటే నీళ్ళు ఎక్కువేగా.

గాలిపటం_రావు
సగం సరైనదే. తుంపరల సైజు మారనంతవరకూ నీళ్ళు పెరిగితే కింద చీకటి పెరుగుతుంది. కానీ అవే నీళ్ళు పెద్ద చినుకులుగా మారితే లెక్క తిరగబడుతుంది. చినుకుల సంఖ్య పడిపోతుంది, వాటి మధ్య సందుల్లోంచి వెలుగు సాగుతుంది. అందుకే దూరంగా కురుస్తున్న వాన తెర, దాని పైనున్న మబ్బు అడుగు కంటే తరచూ తెల్లగా కనిపిస్తుంది. నీళ్ళ బరువు ఎంత అన్నదానితో పాటు, అవి ఎన్ని ముక్కలుగా ఉన్నాయన్నది కూడా చూడాలి.

పద్మజ_ఫిజిక్స్
ఐసు గోళా బండి దగ్గర ఇది కళ్ళారా చూడొచ్చు. గడ్డగా ఉన్నప్పుడు అవతలి వైపు కనిపిస్తుంది, తురిమితే తెల్లటి కుప్ప. పదార్థం అదే, ముక్కలు పెరిగాయంతే. మా పిల్లలు పరీక్షలో రాసేదానికంటే దీన్నే బాగా గుర్తుపెట్టుకుంటారు.

నిజాంపేట_నవీన్
ఒకే ఎత్తులో పక్కపక్కనే రెండు చిన్న మబ్బులు, ఒకటి తెల్లగా, ఒకటి బూడిద రంగులో ఉంటాయి కదా. రెండూ పల్చనివే. దానికేం చెబుతారు?

గాలిపటం_రావు
ఒకదాని మీద పొద్దు నేరుగా పడుతోంది, రెండోది ఇంకో మబ్బు నీడలో ఉండి ఉంటుంది. లేదా దాని వెనకాల ఆకాశం బాగా వెలుగుగా ఉంది. కన్ను పక్కనున్నదాంతో పోల్చి చూస్తుంది, ఏ మబ్బునూ విడిగా కొలవదు. పొద్దుకు అడ్డంగా వచ్చిన పల్చటి మబ్బు కూడా మధ్యలో బూడిదగా, అంచున వెండిలా కనిపించేది ఇందుకే.

డల్లాస్_వాసు
ఇక్కడ టెక్సాస్‌లో అందరూ ఆకాశం ఆకుపచ్చగా మారితే టోర్నడో వస్తుందంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆఫీసులో మొదట చెప్పే మాటల్లో ఇదొకటి. వడగళ్ళని కూడా అంటారు. మీరేమో రాళ్ళు పడలేదంటున్నారు.

నల్గొండ_నరేష్
రాడార్ బొమ్మలో ఆకుపచ్చ అంటే చిన్న వానే కదా అన్నా. ఎరుపు, ఊదా వస్తేనే భయపడాలె. ఆకుపచ్చకు ఇంత గాబరా ఎందుకు?

యాసంగి_వడ్లు (జగిత్యాల)
@నల్గొండ_నరేష్ రాడార్ బొమ్మ గాదు తమ్మీ, ఆకాశం రంగు అడుగుతున్న.

నల్గొండ_నరేష్
అట్లనా. నేను రాడార్ గురించి అనుకున్న. సరే చదువుత.

గాలిపటం_రావు
ఇక ఆకుపచ్చ దగ్గరికి వద్దాం. 1990లలో ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ గలహర్ అనే పరిశోధకుడు తుపాను మబ్బుల వెంట తిరిగి, వాటినుంచి వచ్చే వెలుగును రంగు రంగుగా విడదీసి కొలిచే పరికరంతో కొలిచారు. ఆ ఫలితాలు 1996లో అచ్చయ్యాయి. మొదటిది, ఆకుపచ్చ కంటి భ్రమ కాదు, పరికరంలో కూడా వచ్చింది. రెండోది, నేల మీది పచ్చదనం దానికి కారణం కాదు. కోనసీమ_కొబ్బరి గారి ఊహ అక్కడ కూడా చాలామందికి ఉండేది, కొలతలు దాన్ని ఒప్పుకోలేదు. అంత మందమైన మబ్బు కింద నేల మీద పడే వెలుగే తక్కువ, అది మళ్ళీ పైకి వెళ్ళి మబ్బుకు రంగు పులిమేంత ఉండదు. మూడోది మీ ప్రశ్నకు జవాబు: వడగళ్ళు పడ్డ మబ్బులు ఆకుపచ్చగా ఉన్నాయి, వడగళ్ళు పడనివీ ఆకుపచ్చగా ఉన్నాయి. గట్టి వడగళ్ళు కురిసి, ఆకుపచ్చ జాడే లేని మబ్బులు కూడా ఉన్నాయి.

లెక్కల_లక్ష్మి
రంగు ఎలా పుడుతుందో అంకెల్లో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. నీళ్ళకు స్వతహాగా కొంచెం నీలం రంగుంది. మీటరు లోతు శుభ్రమైన నీళ్ళలోంచి వెలుగు వెళ్తే ఎరుపు సుమారు 30 శాతం పోతుంది, ఆకుపచ్చ 5 శాతం, నీలం ఒక శాతం మాత్రమే.

ఇప్పుడు ఒక పెద్ద ఉరుముల మబ్బు తీసుకోండి. ఘనమీటరుకు 3 గ్రాముల నీళ్ళు, మందం 10 కిలోమీటర్లు. మొత్తం పిండితే చదరపు మీటరుకు 30 కిలోలు, అంటే 3 సెంటీమీటర్ల నీళ్ళు. వెలుగు తిన్నగా దిగితే ఎరుపు ఒక శాతం తగ్గుతుంది, ఎవరికీ తెలియదు. కానీ అది తిన్నగా దిగదు. తుంపర నుంచి తుంపరకు వేల సార్లు తగులుతూ, వెనక్కీ ముందుకూ తిరుగుతూ వస్తుంది. ఆ తిరుగుడు వల్ల దారి 50 రెట్లయిందనుకుందాం, ఒకటిన్నర మీటర్ల నీళ్ళలోంచి వచ్చినట్టు. అప్పుడు ఎరుపు 60 శాతం మిగులుతుంది, ఆకుపచ్చ 92, నీలం 98. ఇది నీలిపచ్చ వెలుగు.

సాయంత్రం పొద్దు నేలకు 10 డిగ్రీల ఎత్తులో ఉందనుకోండి. మన దగ్గర అది పొద్దు గుంకడానికి ముప్పావు గంట ముందు. గాలిలో అంత దూరం వచ్చేసరికి నీలం 30 శాతం, ఆకుపచ్చ 58, ఎరుపు 76 మిగులుతాయి. దీన్ని మబ్బులోంచి పంపండి: నీలం 29, ఆకుపచ్చ 53, ఎరుపు 46. ఆకుపచ్చ పైకి వచ్చేసింది. నీలాన్ని గాలి తీసేసింది, ఎరుపును నీళ్ళు తీసేశాయి, నడుమ ఉన్నది మిగిలింది.

ఇందులో 50 రెట్లు అన్నది నేను పెట్టుకున్న అంకె. 10 రెట్లే అయితే ఎరుపు 90 శాతం నిలుస్తుంది, ఆకుపచ్చ రాదు. గాలిలెక్కలో దుమ్ము కలపలేదు, ఏప్రిల్ దుమ్ముకు నీలం ఇంకా తగ్గుతుంది.

పద్మజ_ఫిజిక్స్
చాలా బాగా చెప్పారండీ. ఒక సందేహం. వడగళ్ళు గడ్డకట్టిన నీళ్ళే కదా, మంచు కూడా ఎరుపును తినేదే. మరి వడగళ్ళు ఆకుపచ్చను పెంచవా?

లెక్కల_లక్ష్మి
గింజ సైజు వల్ల పెంచవు. ఒక సెంటీమీటరు వడగల్లు బరువు అర గ్రాము. అదే బరువు 20 మైక్రాన్ల తుంపరలుగా ఉంటే పది కోట్లకు పైగా వస్తాయి, వెలుగుకు అడ్డుపడే వైశాల్యం 500 రెట్లవుతుంది. వెలుగును అటూ ఇటూ తిప్పి దారి పొడిగించేవి ఆ సన్న తుంపరలే. వడగల్లు తగిలితే వెలుగు ఒకసారి దారి మళ్ళుతుంది, అంతే. కాబట్టి రంగు చెప్పేది ఒకటే: పైన చాలా ఎత్తున, చాలా మందంగా నీళ్ళున్నాయని. అందులో రాళ్ళున్నాయో లేదో రంగుకు తెలియదు.

యాసంగి_వడ్లు (జగిత్యాల)
అట్లయితే రాళ్ళకు, ఆకుపచ్చకు సంబంధమే లేదా? మా తాతలు ఊకె చెప్పలేదు గదా.

గాలిపటం_రావు
సంబంధం ఉంది, దూరపు చుట్టరికం లాంటిది. వడగల్లు పెరగాలంటే పైకి లేచే గాలి బలంగా ఉండాలి, నీళ్ళు సున్నా డిగ్రీల మట్టం దాటి ఎంతో పైకి పోవాలి. మన దగ్గర ఎండాకాలంలో ఆ మట్టం సుమారు 5 కిలోమీటర్లు. అలాంటి గాలి ఉన్న మబ్బు సహజంగానే ఎత్తుగా, మందంగా ఉంటుంది. ఎత్తు, మందం ఉంటే సాయంత్రం ఆకుపచ్చ వచ్చే వీలుంది. కాబట్టి పెద్దలు చూసింది నిజమే, గట్టి మబ్బుకు అది గుర్తు. గట్టి మబ్బంటే ఈదురుగాలి, కుండపోత, పిడుగులు, అప్పుడప్పుడు రాళ్ళు. నిన్న మీకు అందులో మొదటి రెండూ వచ్చాయి.

పోయిన నెల బూడిద రంగు మబ్బు రాళ్ళు కురిపించింది కదా, అది ఏ వేళప్పుడు?

యాసంగి_వడ్లు (జగిత్యాల)
మధ్యాహ్నం రెండు, రెండున్నర.

గాలిపటం_రావు
అదీ సంగతి. పొద్దు నెత్తి మీదుంటే అంత గట్టి మబ్బు కూడా నీలి బూడిదగానే కనిపించొచ్చు. రాత్రి వచ్చే మబ్బుకు అసలు రంగే ఉండదు. ఆకుపచ్చ లేదు కదా అని ధైర్యంగా ఉండటమే అసలు ప్రమాదం.

డల్లాస్_వాసు
ఒక్క నిమిషం. 2022 జులై 5న సౌత్ డకోటాలో సూ ఫాల్స్ మీద ఆకాశం పూర్తిగా ఆకుపచ్చగా మారిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. అది మధ్యాహ్నం పూట. జులైలో ఆ వేళకు పొద్దు బాగా పైనే ఉంటుంది. వందల మైళ్ళు సాగిన ఈదురుగాలి తుపాను అది, డెరేచో అన్నారు. మీ 10 డిగ్రీల లెక్క అక్కడ ఎలా నిలుస్తుంది?

లెక్కల_లక్ష్మి
మంచి ప్రశ్న. పొద్దు పైనుంటే గాలి నీలాన్ని తక్కువ తీస్తుంది. అదే మబ్బుకు లెక్క వేస్తే నీలం 78, ఆకుపచ్చ 84, ఎరుపు 57 వస్తాయి. ఎరుపు తక్కువే, నీలం, ఆకుపచ్చ దగ్గర దగ్గర. అంటే నీలిపచ్చ రావాలి. ఆ ఫొటోల్లో కొన్ని నీలిపచ్చగా, కొన్ని గాఢమైన ఆకుపచ్చగా ఉన్నాయి. కెమెరా వాటా ఎంతో ఫొటో చూసి చెప్పలేం. మబ్బు ఎంత పెద్దదైతే పొద్దు ఎత్తు అవసరం అంత తగ్గుతుందని మాత్రం చెప్పొచ్చు.

గాలిపటం_రావు
దీని మీద పండితుల్లోనే రెండు దారులున్నాయి. క్రెయిగ్ బోరెన్ చెప్పింది లక్ష్మి గారు వేసిన లెక్క, మబ్బులోని నీళ్ళే ఎరుపును తీసేస్తాయని. అలిస్టేర్ ఫ్రేజర్ చెప్పింది వేరు: మబ్బు నల్లటి తెరగా ఉంటుంది, మనకూ దానికీ నడుమనున్న గాలి మీద వాలిన పొద్దు ఎర్రటి వెలుగు పడుతుంది, ఆ గాలి చెదరగొట్టిన వెలుగే ఆకుపచ్చగా కనిపిస్తుందని. 1993లో ఇద్దరూ కలిసే వ్యాసం రాశారు. పొద్దు పైనున్నప్పుడు రెండో దారి బలహీనపడుతుంది. నేను మొదటిదాని వైపే మొగ్గుతాను, కానీ ప్రతి ఆకుపచ్చ మబ్బుకూ అదొక్కటే కారణమని అనలేను.

డల్లాస్_వాసు
టోర్నడో సంగతి?

గాలిపటం_రావు
అదీ వడగళ్ళ లాంటిదే. టోర్నడో తెచ్చే మబ్బులు పెద్దవి, సాయంత్రాలే ఎక్కువ వస్తాయి, కాబట్టి ఆకుపచ్చతో జత కనిపిస్తుంది. రంగును చూసి ఇంట్లోకి వెళ్ళండి, రంగు లేదని బయట ఉండకండి. సైరన్, ఫోనుకొచ్చే హెచ్చరిక ముందు.

కెమెరా_కిరణ్
ఫొటోల గురించి ఒక మాట. ఫోను కెమెరా వెలుగును తనంతట తనే సరిచేస్తుంది, బూడిద రంగు మబ్బును కూడా పచ్చగా చూపించగలదు, నిజంగా ఆకుపచ్చగా ఉన్నదాన్ని బూడిద చేయగలదు. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ ఆటో తీసేసి 5500 దగ్గర కదలకుండా పెట్టండి. అదే సెట్టింగుతో పొద్దు వెలుగులో తెల్ల కాగితం ఫొటో ఒకటి, మబ్బు ఫొటో ఒకటి తీస్తే పోల్చుకోవచ్చు. కాగితం తెల్లగా వచ్చి మబ్బు పచ్చగా వస్తే నమ్మొచ్చు.

నిజాంపేట_నవీన్
నేను మొన్న ఓఆర్ఆర్ మీద కార్లోంచి చూసింది ఆకుపచ్చే. అద్దం దించితే మామూలు బూడిద.

కెమెరా_కిరణ్
కారు అద్దాలకు చాలావాటికి లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. పక్కనుంచి అంచు చూస్తే తెలుస్తుంది. అద్దంలోంచి చూసిన ఆకుపచ్చ మబ్బు లెక్కలోకి రాదు.

యాసంగి_వడ్లు (జగిత్యాల)
నేను కల్లంల నిలబడి చూసిన, అద్దం లేదు. సరే, రంగు రాళ్ళ సంగతి చెప్పదంటే మరేది చెప్తది? పట్టాలు కప్పేటందుకు మాకు అరగంట కావాలె.

గాలిపటం_రావు
వాతావరణ శాఖ mausam.imd.gov.in లో హైదరాబాద్ డాప్లర్ రాడార్ బొమ్మ తెరవండి. Max Z అన్నది ఎంచుకోండి. బొమ్మ పైనా, పక్కనా సన్నటి పట్టీలు ఉంటాయి, అవి మబ్బు ఎత్తును చూపిస్తాయి. చాలామంది నడుమనున్న మ్యాపు ఒక్కటే చూసి వదిలేస్తారు. చినుకులకో, రాళ్ళకో తగిలి రాడార్‌కు తిరిగొచ్చే సంకేతం ఎంత బలంగా ఉందో dBZ లో చెబుతారు. 50 dBZ దాటిన రంగు ఆ పట్టీల్లో 8, 9 కిలోమీటర్ల ఎత్తుకు లేస్తే రాళ్ళు ఉండే అవకాశం ఎక్కువ. అదే రంగు 5 కిలోమీటర్ల లోపే ఆగిపోతే చాలావరకు ఉత్త వాన.

వేగం కోసం ఇరవై నిమిషాల తేడా ఉన్న రెండు బొమ్మలు తీసుకోండి. ఆ నడుమ మబ్బు 12 కిలోమీటర్లు జరిగితే గంటకు 36. మీకు 30 కిలోమీటర్ల దూరంలో ఉంటే వాన రావడానికి 50 నిమిషాలు. కానీ ఈదురుగాలి వాన కంటే పది పదిహేను నిమిషాలు ముందే తగలొచ్చు. పట్టా కప్పాల్సింది గాలి రాకముందు, కాబట్టి మీ చేతిలో ఉన్నది 35 నిమిషాలనుకోండి.

బొమ్మ మీద టైము UTC లో ఉంటే 5:30 కలపాలి. 11:40 అని చూసి పొద్దుటి బొమ్మ అనుకునేరు, అది సాయంత్రం 5:10.

నల్గొండ_నరేష్
ఇది నాకు పనికొచ్చింది. నేను రాడార్ అడిగినందుకు ఫలం దక్కింది 🙂

కోనసీమ_కొబ్బరి
నెట్ లేనప్పుడు కంటితో చూసి చెప్పడానికి ఏమీ లేదాండీ?

గాలిపటం_రావు
ఉంది. మబ్బు అడుగు నుంచి నేలకు దిగే తెరను చూడండి. మామూలు వాన తెర బూడిదగా, మెత్తగా ఉంటుంది. అందులో ఒక చోట మెరిసే తెల్లటి గీతలు, అంచు తేటగా తెగినట్టు కనిపిస్తే రాళ్ళు దిగుతున్నాయని అనుమానించాలి. గట్టి వాన తెర కూడా ఒక్కోసారి తెల్లగానే మెరుస్తుంది, కాబట్టి ఇది కూడా ఖాయం కాదు. ముందు వరసలో నేలకు దగ్గరగా అరలాగా పొడుచుకొచ్చిన మబ్బు కనిపిస్తే గాలి ఇంకొన్ని నిమిషాల్లో ఉన్నట్టే.

పద్మజ_ఫిజిక్స్
మెరుపుకూ ఉరుముకూ నడుమ సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్ల లోపు వస్తే పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. అప్పటికి పట్టాలు కప్పడం అయిపోయి ఉండాలి, మనుషులు పక్కా ఇంట్లో ఉండాలి. చెట్టు కింద కాదు, రేకుల పందిరి కింద కూడా కాదు. దామిని యాప్‌లో కూడా చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక వస్తుంది.

యాసంగి_వడ్లు (జగిత్యాల)
రేపు గూడ మబ్బు పడేటట్టుంది. పొద్దు వాలక ముందు, వాలినంక రెండుసార్లు ఫొటో తీస్త, కిరణన్న చెప్పినట్టు కాగితం పెట్టి. రాడార్ బొమ్మ గూడ టైము మార్చి పెడుత. నిన్నటి మబ్బు బొమ్మ ఇప్పుడు దొరుకుతదా?

గాలిపటం_రావు
నేను చూసినంతవరకు సైటులో కొన్ని గంటలవే నిలుస్తాయి. రేపటిది స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. పట్టీల్లో ఎత్తు కనిపించేలా పూర్తి బొమ్మ కావాలి, మ్యాపు ఒక్కటి కత్తిరించి పెడితే ఏమీ చెప్పలేం.